ఫంక్షన్‌లో ఐస్, నల్లా నీళ్లు: ఏవి మరిగించాలి, ఏవి అక్కర్లేదు

ప్రశ్న: "వచ్చే నెల మా ఇంట్లో చిన్న ఫంక్షన్, 80 మంది దాకా వస్తారు. వంట ఇంట్లోనే. నిమ్మరసం, మజ్జిగ, పచ్చి పులుసు పెడదామనుకుంటున్నాం. మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులోకి పట్టి పైన ట్యాంకుకు ఎక్కిస్తాం. ఫ్రిజ్‌లో చేసే ఐస్ సరిపోదు కాబట్టి బయట నుంచి ఐస్ గడ్డ తెద్దామంటున్నారు. గడ్డ కట్టాక క్రిములు బతకవు కదా అని మా బావగారు. వంటకు నల్లా నీళ్లు వాడొచ్చా, అన్నీ మరిగించాలా, లేక ఫిల్టర్ నీళ్లే వాడాలా?"

సమాధానం:

ముందు బావగారి మాట సంగతి. గడ్డ కడితే క్రిములు చావవు. కొన్ని దెబ్బతింటాయి గానీ విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవాటిలో చాలా భాగం నిద్రపోయినట్టు ఉండి, కరగగానే లేస్తాయి. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ అయితే ఫ్రీజర్‌లో నెలల తరబడి చెక్కుచెదరదు. కాబట్టి ఐస్‌ను చల్లటి వస్తువుగా కాకుండా పచ్చి నీళ్లుగా చూడండి. ఆ నీళ్లు గ్లాసులో పోస్తే తాగుతారా అన్నదే దాని పరీక్ష.

అది ఎంత నీరో కూడా చూడండి. 80 మందికి తలా ఒక గ్లాసు నిమ్మరసం, ఒక గ్లాసు మజ్జిగ, గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుంటే మొత్తం 32 లీటర్లు. ఎండాకాలం నీళ్లు 32 డిగ్రీల దగ్గర ఉంటాయి, తాగడానికి 8 డిగ్రీలకు దించాలి. కరిగి చేరే ఐస్ నీళ్లు పోను 25 లీటర్ల పానీయాన్ని అంత చల్లబరచాలంటే దాదాపు 7 కిలోల ఐస్ అందులోనే కరగాలి. అంటే ప్రతి గ్లాసులో ఐదో వంతుకు పైగా ఐస్ నీళ్లే. మిగతా నాలుగు వంతులు ఎంత జాగ్రత్తగా మరిగించినా, ఐస్ చెడ్డదైతే ఆ శ్రమంతా వృథా.

బజారులో దొరికే పెద్ద గడ్డ ఎలా తయారవుతుందో చూస్తే విషయం అర్థమవుతుంది. నీళ్లు నింపిన పొడవాటి ఇనుప డబ్బాలను ఉప్పునీటి తొట్టిలో దించుతారు. ఆ ఉప్పునీటిని అమ్మోనియా యంత్రం సున్నా కంటే బాగా కిందికి చల్లబరుస్తుంది. గడ్డ కట్టాక డబ్బాను మామూలు నీళ్లలో ఒకసారి ముంచితే గడ్డ ఊడి జారిపోతుంది. అక్కడి నుంచి నేల మీద జరుపుతారు, గోనెసంచి కప్పుతారు, కొన్నిచోట్ల రంపపు పొట్టు చల్లుతారు, కొక్కెంతో లాగి ఆటోలో వేస్తారు. చేపల మార్కెట్‌లో థర్మకోల్ పెట్టెల్లో కనిపించేది చాలాసార్లు ఇదే గడ్డ. ఇది సరుకును చల్లగా ఉంచడానికి చేసింది, తాగడానికి కాదు. గడ్డ అద్దంలా మెరిసినంత మాత్రాన శుభ్రమని కాదు. మధ్యలో తెల్లగా కనిపించేది గడ్డ కట్టేటప్పుడు లోపలికి నెట్టుకుపోయిన గాలీ లవణాలూ, దానికీ క్రిములకీ సంబంధం లేదు. తినకూడని ఐస్‌కు నీలం రంగు కలిపి వేరుగా చూపాలని ఆహార భద్రతా అధికారులు చెప్పారు. కానీ రంగు లేకపోతే తినే ఐసే అని అర్థం చేసుకోకండి.

మీ అవసరానికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే: బజారు ఐస్ తెచ్చుకోండి, కానీ గిన్నెలో వేయకండి, గిన్నె బయట వేయండి.

ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు, అందులో పట్టే 20 లీటర్ల స్టీలు గుండిగలు రెండు చూసుకోండి. ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో మజ్జిగ. రెంటికీ మూతలుండాలి. గుండిగల చుట్టూ చితక్కొట్టిన ఐస్ నింపి, దాని మీద రెండు బిందెల మామూలు నీళ్లు పోయండి. ఈ నీళ్లు తప్పనిసరి. ఉత్త ఐస్ ముక్కలైతే గిన్నెకు అక్కడక్కడా మాత్రమే తగులుతాయి, మధ్యలో గాలి ఉంటుంది, ఎంతసేపటికీ చల్లబడదు. నీళ్లు పోస్తే గిన్నె చుట్టూ మొత్తం తగులుతుంది. 32 లీటర్లను 10 డిగ్రీలకు దించడానికి లెక్కప్రకారం 9 కిలోల ఐస్ చాలు. టబ్బు, గాలి, ఎండ తినేసేదాంతో కలిపి 20 కిలోలు తెచ్చుకోండి. పది నిమిషాలకోసారి గరిటెతో పానీయాన్ని కలుపుతూ ఉంటే ఒక గంటలో తాగే చల్లదనం వస్తుంది. కలపకపోతే అంచుల్లో చల్లగా, మధ్యలో గోరువెచ్చగా ఉండిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. టబ్బులోని నీళ్లు గుండిగ అంచుకు నాలుగు వేళ్లు కిందే ఉండాలి. ఐస్ కరిగేకొద్దీ మట్టం పెరుగుతుంది, గిన్నె ఖాళీ అయ్యేకొద్దీ తేలి పక్కకు ఒరుగుతుంది, అప్పుడు టబ్బు నీళ్లు లోపలికి పడతాయి. గంటకోసారి ఒక చెంబుతో నీళ్లు తోడేయండి. గరిటెను టబ్బులో కాకుండా వేరే శుభ్రమైన పళ్లెంలో పెట్టండి. పిల్లలు టబ్బులో చేయి పెట్టి ఐస్ ముక్క తీసి గ్లాసులో వేసుకోకుండా ఒక మనిషిని దగ్గర నిలబెట్టండి. ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. కూల్‌డ్రింక్ సీసాలు అదే టబ్బులో పెడితే, మూత తీసేముందు మూతినీ మూతనూ పొడి గుడ్డతో తుడవండి.

గ్లాసులో ఐస్ ముక్క కనిపించాలనే పట్టుదల ఉంటే, ప్యాకెట్లలో వచ్చే తినే ఐస్ కొనండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో చూసి, సీల్ విప్పకుండా ఇంటికి తెచ్చుకోండి. లేదా ఇంట్లోనే మరిగించి చల్లార్చిన నీళ్లతో చేయండి. ఒక ట్రే పావు కిలో దాకా ఇస్తుంది కాబట్టి రెండు కిలోలకు ఏడెనిమిది ట్రేలు కావాలి. మూడు రోజుల ముందే మొదలుపెట్టి, గట్టిపడిన ముక్కలను మూతున్న స్టీలు డబ్బాలోకి మార్చుకుంటూ పోండి. అదే ఫ్రీజర్‌లో పచ్చి చికెన్, చేపలు ఉంటే వాటిని కింద, మూతపెట్టి ఉంచండి. ఐస్ ముక్కలను చేత్తో కాకుండా పొడి చెంచాతో తీయండి.

ఇక నీళ్ల సంగతి. వంటింట్లో ప్రతి గిన్నె దగ్గరా ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ నీళ్లు నోట్లోకి వెళ్లేలోపు పొయ్యి మీద మరుగుతాయా? మరిగితే ముందుగా మళ్లీ మరిగించక్కర్లేదు. అన్నం, పప్పు, సాంబారు, కూరల పులుసు, ఇడ్లీ పిండి, టీ అన్నిటికీ సంపు నీళ్లు చాలు. అన్నం పావుగంటకు పైగా ఉడుకుతుంది, కుక్కర్‌లో పప్పు అయితే 100 డిగ్రీలు దాటుతుంది. పిండి రుబ్బేటప్పుడు పచ్చి నీళ్లు పోసినా ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది. బియ్యం, పప్పు కడగడానికీ అంతే.

మరగని గిన్నెల్లోనే అసలు ప్రమాదం. మీ జాబితాలో నిమ్మరసం, మజ్జిగ, పచ్చి పులుసు మూడూ అలాంటివే. నిమ్మరసంలో పులుపు ఉంది కదా అంటారు. ఆ పులుపు కొన్ని క్రిములను నెమ్మదింపజేస్తుంది గానీ అరగంటలో చంపేస్తుందని నమ్మలేం. వైరస్‌లకు అసలు లెక్కలేదు. మజ్జిగకు పెరుగు కాచిన పాలదే అయినా, చిలికేటప్పుడు పోసే నీళ్లే సగానికి పైగా ఉంటాయి. పచ్చి పులుసుది ఇంకా చిక్కు. చింతపండు పచ్చి నీళ్లలో నానుతుంది, ఉల్లిపాయ, కొత్తిమీర పచ్చిగానే పడతాయి. పోపు వేశాం కదా అనుకోకండి. రెండు గరిటెల వేడి నూనె ఎనిమిది లీటర్ల చల్లటి పులుసును వేడి చేయదు. ఉగాది పచ్చడి, శ్రీరామనవమి పానకం, పల్లీ చట్నీ పలుచన చేయడం, ఇవన్నీ ఇదే కోవలోవి. పచ్చి పులుసుకు చింతపండును మరుగుతున్న నీళ్లలో నానబెడితే నీళ్ల సమస్య తీరుతుంది, రసమూ త్వరగా దిగుతుంది. కొత్తిమీరను నల్లా కింద రెండు మూడు సార్లు మట్టి పోయేదాకా కడిగి, చివరిసారి మరిగించి చల్లార్చిన నీళ్లతో కడగండి.

నల్లా నీళ్లను ఎందుకు నమ్మలేమంటే, హైదరాబాద్ జలమండలి శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరేటప్పుడు కాదు, దారిలో చెడతాయి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు శుద్ధి అయి క్లోరిన్‌తో వస్తాయి. కానీ సరఫరా రోజు విడిచి రోజు కాబట్టి మధ్యలో పైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీ పైపులో లోపలి ఒత్తిడి పోతుంది, పక్కనే పగిలిన డ్రైనేజీ లైన్ ఉంటే ఆ మురుగు జాయింట్ల గుండా లోపలికి జారుతుంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో అది మీ సంపులోకి వస్తుంది. నల్లా లైన్‌కే నేరుగా మోటారు పెట్టి లాగితే ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే మోటారు నీటితో పాటు మురుగునూ పీలుస్తుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో మంచినీటిలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి నీళ్లు మొదలైన మొదటి ఐదు పది నిమిషాలు సంపులోకి వదలకుండా బకెట్లకు పట్టి మొక్కలకో, బయట కడగడానికో వాడండి. రంగు, వాసన తేడాగా ఉంటే ఆ రోజు సంపులోకి పట్టకుండా జలమండలికి 155313 నంబరుకు ఫోన్ చేయండి.

రెండో చిక్కు మీ ఇంట్లోనే ఉంది. నల్లా చివర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణం. సంపులో ఒక రోజు, పైన ఎండలో కాగే ట్యాంకులో ఇంకో రోజు గడిపాక అది దాదాపు మిగలదు. వంటింటి ట్యాప్‌లో మీరు పట్టేది నల్లా నీళ్లు కాదు, రెండు రోజుల నాటి ట్యాంకు నీళ్లు. అందుకే సంపును ఫంక్షన్‌కు వారం ముందు కడిగించి, నిండాక 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన తాజా బ్లీచింగ్ పౌడర్ వేయండి. 5000 లీటర్ల సంపుకు పన్నెండున్నర గ్రాములు, అంటే రెండు మూడు టీ స్పూన్లు. వంటింటి చిన్న త్రాసులో తూచితే మంచిది. పౌడర్‌ను నేరుగా చల్లకండి. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోయండి, గంట ఆగండి. ఏడాది కిందట విప్పిన సంచిలోని పౌడర్‌లో బలం ఉండదు. ఘాటు వాసన రాకపోతే పారేయండి. నీళ్లు మట్టిగా ఉన్నా క్లోరిన్ పని చేయదు, ముందు తేరనివ్వాలి.

ఆ నీళ్లు మంచివో కావో తెలుసుకోవడానికి టీడీఎస్ మీటర్ పనికిరాదు. అది లవణాలను చూపిస్తుంది, క్రిములను కాదు. మురుగు కలిసిన నీటికీ మంచి నీటికి చూపినట్టే 300 చూపించవచ్చు. దీనికి హెచ్2ఎస్ సీసా అని చిన్న కిట్ దొరుకుతుంది. గీత దాకా నీళ్లు నింపి, వెచ్చటి చోట 24 నుంచి 48 గంటలు ఉంచితే, మురుగు క్రిములుంటే నల్లబడుతుంది. ఫంక్షన్‌కు నాలుగు రోజుల ముందు చేయండి. నల్లబడితే సంపు మళ్లీ కడగాలి. నల్లబడకపోయినా మరిగించడం మానకండి, ఎందుకంటే వైరస్‌లు ఆ సీసాలో కనిపించవు.

మరిగించడం ఎంతసేపంటే, కుతకుతమని పెద్ద బుడగలు వచ్చాక ఒక్క నిమిషం చాలు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా ఒక నిమిషం సరిపోతుంది. ఇరవై నిమిషాలు కాచితే గ్యాస్ దండగ, పైగా నీళ్లు తగ్గి లవణాలు చిక్కబడతాయి. గీజర్ నీళ్లు మరిగిన నీళ్లు కావు, వాటిని తాగే వాటిలో కలపకండి.

మీకు పానీయాలకు 32 లీటర్లు, పచ్చి పులుసుకు 8 లీటర్లు, మంచినీళ్ల సంగతి వేరు. ఈ 40 లీటర్లు కాచడానికి అరకిలో గ్యాస్ లోపే పడుతుంది. ముందు రోజు సాయంత్రం కాయండి. ఒకే పెద్ద గుండిగలో ఉంచితే తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది. 10 లీటర్ల చొప్పున వేర్వేరు గిన్నెల్లో కాచి, వాటిల్లోనే మూతపెట్టి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడే గరిటెను, పానీయం పోసే గిన్నెను కొద్దిపాటి మరిగే నీళ్లతో కడగండి. మరిగిన నీళ్లను పచ్చి నీళ్లతో కడిగిన తడి బిందెలోకి పోస్తే చేసిన పని పోయినట్టే. కుళాయి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ వాడితే, ఆ కుళాయిని విప్పి లోపలి జిగురు బ్రష్‌తో తీయండి. కనిపించని మురికి ఎక్కువగా అక్కడే ఉంటుంది. గ్లాసులను ఆరబెట్టి బోర్లించాలి, తడి గ్లాసులో పోయకూడదు.

ఫిల్టర్ ఉంటే ఈ 40 లీటర్లకు అది పనికొస్తుంది, కానీ రకం చూడాలి. సన్నటి తీగల పొర గల యూఎఫ్ రకం బ్యాక్టీరియాను పట్టేస్తుంది, చిన్న వైరస్‌లను పూర్తిగా పట్టలేదు. యూవీ రకం అయితే నీళ్లు తేటగా ఉంటేనే పని చేస్తుంది, దాని దీపానికి దాదాపు ఏడాది ఆయువు, వెలుగుతున్నా బలం తగ్గిపోతుంది. ఆర్‌ఓలో కార్బన్ క్యాండిల్ క్లోరిన్‌ను ముందే తీసేస్తుంది కాబట్టి దాని నీళ్లు ట్యాంకులో రోజుల తరబడి నిలవుంటే రక్షణ ఉండదు. ఆరు నెలలుగా సర్వీస్ లేని మెషీన్ అయితే ఆ నీళ్లను కూడా మరిగించండి.

ఒక విషయంలో మాత్రం మరిగించడం పనికిరాదు. సంపులో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలుపుతుంటే ముందు ల్యాబ్‌లో ఫ్లోరైడ్, నైట్రేట్ చూపించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 దాటితే ఆ నీళ్లను కాచడం వల్ల అవి పోవు, ఇంకా చిక్కబడతాయి. అలాంటప్పుడు వంటకూ ఆర్‌ఓ నీళ్లే కావాలి, ఎందుకంటే అన్నం ఆ నీళ్లనంతా పీల్చుకుంటుంది. పైన చెప్పిన పొయ్యి ప్రశ్న క్రిములకే, లవణాలకు కాదు. ఉత్త నల్లా నీళ్లకు మాత్రం ఆర్‌ఓ సాధారణంగా అక్కర్లేదు, ఒక లీటరు కోసం రెండు మూడు లీటర్లు డ్రైనేజీలో పోస్తుంది.

బావగారు "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అంటే దానికీ కారణముంది. విరేచనాలైతే ఒకటి రెండు రోజుల్లో తెలుస్తాయి. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు, కామెర్లకు నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పటికి ఎవరికీ ఆ ఐస్ గుర్తుండదు. మీ అతిథుల్లో గర్భిణులుంటే వాళ్లకు ఐస్, పచ్చి పులుసు వద్దని ముందే చెప్పండి, నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. ఏడాది లోపు పిల్లలకు పాలపొడి కలపాలంటే మరిగించి, 70 డిగ్రీల కంటే తగ్గకముందే కలిపి, తర్వాత చల్లార్చి పట్టండి.

ఫంక్షన్ అయ్యాక మిగిలిన మజ్జిగ, పచ్చి పులుసు నాలుగు గంటలకు పైగా బయట ఉంటే పారబోయండి. టబ్బులో కరిగిన ఐస్ నీళ్లను మొక్కలకు పోయండి, గిన్నెలు కడగడానికి వాడకండి.